ఎవరికీ చెప్పని ఆజ్ఞ

జర్మనీలో ఏ విద్యార్థి హాస్టల్‌ వరండాలోనైనా, ఏ ఆఫీసు మెట్ల దగ్గరైనా గోడ మీద ఎర్ర అంచున్న కాగితం ఒకటి కనిపిస్తుంది. మంటలు చెలరేగితే ఏం చేయాలో చెప్పే కాగితం. దాని రూపానికీ మాటలకీ డిన్ 14096 అనే జాతీయ ప్రమాణం ఉంది కాబట్టి హాంబుర్గ్‌లో చూసినా మ్యూనిక్‌లో చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. మంటలు రేగినప్పటి సూచనల్లో మొదటి మాట ‘రూయె బెవారెన్‌’, అంటే నిబ్బరంగా ఉండాలి. తర్వాత ‘బ్రాంట్‌ మెల్డెన్‌’, మంటల సంగతి తెలియజేయాలి. కింద చిన్న అక్షరాల్లో ‘ట్యూరెన్‌ ష్లీసెన్‌’, తలుపులు మూయాలి. ‘ఔఫ్‌ట్సూక్‌ నిష్ట్‌ బెనూట్సెన్‌’, లిఫ్టు వాడరాదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జర్మన్‌ మొదటి మెట్టు చదివి వెళ్లిన కుర్రాడు ఈ కాగితం ముందు కాస్త తికమకపడతాడు. ఆజ్ఞలు మూడు రకాలని అతనికి క్లాసులో చెప్పారు. స్నేహితుడికి ఒకటి, స్నేహితుల గుంపుకి ఒకటి, గౌరవించవలసిన వారికి ఒకటి. ఈ కాగితంలో ఉన్నది ఆ మూడింట్లో ఏదీ కాదు. క్రియ నిఘంటువులో ఉన్న రూపంలోనే, ఏ మార్పూ లేకుండా, వాక్యం చివర కూర్చుని ఉంది. ఇది ఎవరికి చెబుతున్నట్టు? ఎవరికీ కాదు. అందుకే అలా రాశారు.

ఆ సంగతి తెలియాలంటే ముందు ఆ మూడు రూపాల దగ్గరికి వెళ్లాలి.

తెలుగులో మనకు నువ్వు, మీరు అని రెండే ఉన్నాయి. ‘రా’ అంటే ఒకరికి, చనువుగా. ‘రండి’ అంటే పెద్దాయన ఒక్కడికైనా సరే, పదిమంది పిల్లలకైనా సరే. బహువచనం, గౌరవం రెండూ ఆ ఒక్క ‘అండి’లోనే ఇమిడిపోయాయి. జర్మన్‌ వాళ్లు ఆ రెండింటినీ విడదీశారు. చనువున్న ఒకరు ‘డూ’. చనువున్న పలువురు ‘ఈర్‌’. గౌరవంగా పిలవాల్సినవారు ఒకరైనా వందమందైనా ‘జీ’. అందుకే తెలుగువాళ్లు ఎక్కువగా తప్పేది మధ్యలో ఉన్న ఈర్‌ దగ్గర. ఇద్దరు క్లాస్‌మేట్లను లోపలికి రమ్మనాలంటే మన నోటికి ‘రండి’ అని వస్తుంది, దాని వెంటే జర్మన్‌లో ‘కొమ్మెన్‌ జీ’ అని దొర్లుతుంది. నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లు ఇవాళ ఎందుకింత దూరం పెట్టాడని ముఖాలు చూసుకుంటారు. అక్కడ అనవలసింది ‘కొమ్ట్‌’.

రూపాలు కట్టడం కష్టం కాదు. ఈర్‌కి అయితే మామూలు వర్తమాన రూపాన్నే తీసుకుని సర్వనామం వదిలేస్తే చాలు. ‘ఈర్‌ కొమ్ట్‌’ అంటే మీరు వస్తారు, ‘కొమ్ట్‌’ అంటే రండి. జీకి నిఘంటు రూపం ముందు పెట్టి, వెనక జీ తగిలించాలి. ‘కొమ్మెన్‌ జీ’. ఈ ఒక్కచోటే సర్వనామం వదలకూడదు. ప్రశ్న కూడా ఇదే వరసలో ఉంటుంది కాబట్టి తేడా అంతా గొంతులోనే. చివర గొంతు పైకి లేస్తే ‘వస్తారా?’, కిందికి దిగితే ‘రండి’.

చిక్కంతా డూ దగ్గర. సూత్రం మటుకు చిన్నదే. ‘డూ కొమ్స్ట్‌’లో డూ తీసేసి, చివరి ‘స్ట్‌’ కత్తిరిస్తే ‘కొమ్‌’ మిగులుతుంది. అంటే రా. ధాతువు చివర ట్‌, డ్‌ ఉంటే పలకడానికి వీలుగా ‘ఎ’ చేరుతుంది. ‘వార్టెన్‌’ (ఆగడం) కాస్తా ‘వార్టె’ అవుతుంది. కొన్ని క్రియల్లో డూ వచ్చేసరికి లోపలి అచ్చు మారుతుంది. ఆ మార్పు రెండు రకాలు. ఒకటి ఆజ్ఞలోనూ నిలుస్తుంది, రెండోది నిలవదు. ‘నేమెన్‌’ (తీసుకోవడం), ‘గేబెన్‌’ (ఇవ్వడం), ‘లేజెన్‌’ (చదవడం) లాంటివాటిలో ఏ పోయి ఇ వస్తుంది. ఆజ్ఞలోనూ అదే: నిమ్‌, గిప్‌, లీస్‌. ‘ఫారెన్‌’ (బండిలో వెళ్లడం), ‘ష్లాఫెన్‌’ (నిద్రపోవడం) లాంటివాటిలో డూ రూపానికి అ మీద రెండు చుక్కలు పడి ఏగా మారుతుంది కానీ, ఆజ్ఞలో ఆ చుక్కలు రాలిపోతాయి. ఫార్‌, ష్లాఫ్‌ అంటారు. ‘ఫేర్‌’ అనరు.

మొదటి రకంలో జర్మన్‌ వాళ్లే తప్పుతుంటారు. వీధిలో ‘లీస్‌’కి బదులు ‘లేస్‌’, ‘గిప్‌’కి బదులు ‘గేప్‌’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. బళ్లో టీచర్లు ఎర్రసిరాతో దిద్దుతూనే ఉంటారు. విని నేర్చుకునే మనవాళ్లు ఈ విషయంలో చెవిని నమ్మకపోవడమే మంచిది. పరీక్షలో అది తప్పే.

ఇక ‘జైన్‌’ (ఉండడం) అనే క్రియ. దాని ఆజ్ఞ డూకి ‘జై’, ఈర్‌కి ‘జైట్‌’. జీకి మాత్రం ‘జైయెన్‌ జీ’. మామూలుగా ‘మీరు ఉన్నారు’ అనడానికి ‘జీ జింట్‌’ అంటారు కదా, ఆజ్ఞకి ‘జింట్‌ జీ’ అంటే ఏం పోయింది? క్లాసులో చాలామంది ఇక్కడ ‘ఇది మినహాయింపు, బట్టీ పట్టండి’ అని దాటేస్తారు. నిజానికి ఈ ఒక్క క్రియే అసలు గుట్టు బయటపెడుతుంది. గౌరవ వాచకమైన జీ పుట్టింది ‘వాళ్లు’ అనే మాటలోంచి. ఎదుటి మనిషిని నేరుగా పిలవకుండా, పక్కనున్న వారి గురించి అన్నట్టు పిలవడం ఒకప్పటి మర్యాద. అలా పిలిచినప్పుడు ఆజ్ఞ ఇవ్వడం కుదరదు, కోరిక మాత్రమే చెప్పగలం. కాబట్టి ‘కొమ్మెన్‌ జీ’ అంటే వ్యాకరణం లోతుల్లో ‘వారు వత్తురు గాక’ అన్నట్టు. కోరికను చెప్పే ఆ క్రియారూపం మిగతా క్రియలన్నింటిలోనూ నిఘంటు రూపంలాగే కనిపిస్తుంది కాబట్టి మనం పోల్చుకోలేం. జైన్‌లో మాత్రం అది ‘జైయెన్‌’గా విడిగా కనబడుతుంది. ఈ ‘గాక’ రూపాన్ని గుర్తుపెట్టుకోండి, వంటింట్లో మళ్లీ తగులుతుంది.

ఇప్పుడు గోడ మీది కాగితానికి వద్దాం. దాన్ని చదివేది ఎవరో రాసినవాడికి తెలియదు. పదేళ్ల పిల్లాడు కావచ్చు, ప్రొఫెసరు కావచ్చు, పార్సిల్‌ ఇవ్వడానికొచ్చిన మనిషి కావచ్చు. డూ అంటే ప్రొఫెసరుకి కోపం, జీ అంటే పిల్లాడికి నవ్వు. ఎంచుకోవాల్సిన బాధే లేకుండా క్రియను మొండిగా అలాగే వదిలేస్తే ఎవరినీ పిలవనవసరం లేదు. తలుపుల మీద ఉండే ‘ట్సీయెన్‌’ (లాగాలి), ‘డ్ర్యూకెన్‌’ (నెట్టాలి) కూడా ఇవే. పాత రైలుపెట్టెల్లో కిటికీ కింద ‘నిష్ట్‌ హినౌస్‌లేనెన్‌’ అని ఉండేది. బయటికి వంగరాదు అని. పక్కనే అదే మాట ఫ్రెంచిలోనూ ఇటాలియన్‌లోనూ ఉండేది. ఫ్రెంచివాళ్లూ క్రియను నిఘంటు రూపంలోనే పెట్టారు. ఇటాలియన్‌ బోర్డు మాత్రం ‘వంగడం ప్రమాదం’ అని ఊరుకుంది. హెచ్చరికలో కూడా ఎవరి పద్ధతి వారిది.

ఈ నిఘంటు రూపపు ఆజ్ఞకి కొన్ని అలవాట్లున్నాయి. క్రియ చివరికి పోతుంది. కర్మ, కాలం, పద్ధతి అన్నీ దాని ముందే వస్తాయి. ‘నిష్ట్‌’ అనే నిషేధం క్రియకి ముందు నిలబడుతుంది. జర్మన్‌ నేర్చుకునేవాళ్లను ఏడిపించే డేర్‌, డీ, దాస్‌ అనే ఉపపదాలు చాలావరకు ఎగిరిపోతాయి. ‘తనను తాను’ అని చెప్పే ‘జిష్‌’ అనే మాట కూడా పోతుంది. హినౌస్‌లేనెన్‌కి మామూలు వాక్యంలో జిష్‌ తప్పనిసరి, బోర్డు మీద లేదు. అన్నింటికన్నా పెద్ద ఊరట ఏమిటంటే, రెండు ముక్కలుగా విడిపోయే క్రియలు ఇక్కడ విడిపోవు. బండెక్కడానికి ‘ఐన్‌ష్టైగెన్‌’ అంటారు. మనిషికి చెప్పేటప్పుడు ఇది చీలి ‘ష్టైక్‌ ఐన్‌’, ‘ష్టైక్ట్‌ ఐన్‌’, ‘ష్టైగెన్‌ జీ ఐన్‌’ అవుతుంది. ప్లాట్‌ఫాం మీద మైకులో మాత్రం ‘బిట్టె ఐన్‌ష్టైగెన్‌’ అని ఒకే ముద్దగా వినిపిస్తుంది. బెర్లిన్‌ మెట్రోలో తలుపులు మూసుకునే ముందు వినపడే ‘ట్సుర్యూక్‌బ్లైబెన్‌ బిట్టె’ (దయచేసి వెనక్కి ఉండాలి) కూడా అటువంటిదే.

క్రియ చివర, కర్మ ముందు, కర్త మాయం. ఇది మనకు కొత్తదేం కాదు. ‘పొగ తాగరాదు’ అన్న బోర్డులో ఎవరు తాగరాదో ఎక్కడుంది? మన వారపత్రికల్లో వంటల పేజీ తీయండి. ‘ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనెలో దోరగా వేయించుకోవాలి’ అని ఉంటుంది. తరుగు అనరు, తరగండి అనరు. టీవీలో అదే వంటని చూపించే ఆవిడ మాత్రం ‘ఇప్పుడు పసుపు వేసుకోండి’ అంటుంది, ఎందుకంటే ఆవిడ ఎదురుగా మనం ఉన్నట్టే. అచ్చుకి ‘ఆలి’, నోటికి ‘అండి’. జర్మన్‌లోనూ సరిగ్గా ఇదే విభజన. ఇంగ్లిష్‌ మీదుగా జర్మన్‌ నేర్చుకునేవారికి ఈ పోలిక కనబడదు. ఇంగ్లిష్‌లో బోర్డుకీ మనిషికీ క్రియ ఒకటే కాబట్టి. తెలుగులోంచి నేరుగా చూస్తే సగం పని అప్పటికే అయిపోయినట్టు.

ఒక వంటకం తీసుకుని చూద్దాం. ప్ఫన్‌కూఖెన్‌, జర్మన్‌ ఇళ్లలో చేసుకునే మందపాటి అట్టు. 250 గ్రాముల మైదా, అర లీటరు పాలు, 4 గుడ్లు, చిటికెడు ఉప్పు. పుస్తకంలో పద్ధతి ఇలా ఉంటుంది: ‘మేల్‌ ఉంట్‌ మిల్ష్‌ ఫెర్ర్యూరెన్‌’, మైదా పాలు కలపాలి. ‘ఐయర్‌ దాట్సూగేబెన్‌’, గుడ్లు చేర్చాలి. ‘టైక్‌ 20 మినూటెన్‌ క్వెల్లెన్‌ లాస్సెన్‌’, పిండిని 20 నిమిషాలు నాననివ్వాలి. పెనం మీద పోశాక ‘వెండెన్‌’, తిప్పాలి.

ఇప్పుడు అదే వంటని పక్కన నిలబడ్డ స్నేహితురాలికి చెప్పాలి. నాలుగు క్రియలూ నాలుగు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఫెర్ర్యూరెన్‌ సాధువు, తోక తెగితే చాలు, ‘ఫెర్ర్యూర్‌’. ముందున్న ‘ఫెర్‌’ విడిపోయే రకం కాదు. దాట్సూగేబెన్‌ దగ్గర రెండు పనులు ఒకేసారి జరగాలి. గేబెన్‌లో ఏ పోయి ఇ రావాలి, దాట్సూ విడిపోయి వాక్యం చివరికి పోవాలి. ‘గిప్‌ డీ ఐయర్‌ దాట్సూ’. లాస్సెన్‌కి డూతో చుక్కలు పడతాయి కానీ ఆజ్ఞలో రాలిపోతాయి. ‘లాస్‌ డేన్‌ టైక్‌ 20 మినూటెన్‌ క్వెల్లెన్‌’. ఇందాక పుస్తకంలో లేని ‘డేన్‌’ ఇక్కడ ప్రత్యక్షమైంది చూడండి. మనిషికి చెప్పేసరికి ఉపపదం కూడా తిరిగొస్తుంది, దాంతోపాటు దాని విభక్తి బాధా వస్తుంది. చివరిది వెండెన్‌, ధాతువు చివర డ్‌ ఉంది కాబట్టి ఎ ఉంచి ‘వెండె’.

వంటింట్లో ఇద్దరు ముగ్గురు స్నేహితులుంటే ఫెర్ర్యూర్ట్‌, గేప్ట్‌, లాస్ట్‌, వెండెట్‌. అచ్చులేవీ మారవు. ఇంటి యజమానురాలికి చెబుతుంటే ‘ఫెర్ర్యూరెన్‌ జీ’, ‘గేబెన్‌ జీ డీ ఐయర్‌ దాట్సూ’, ‘లాస్సెన్‌ జీ’, ‘వెండెన్‌ జీ’. జీ రూపాలు పైకి పుస్తకంలోని వాటిలాగే కనిపిస్తాయి. కానీ క్రియ ముందుకొచ్చింది, జీ చేరింది, దాట్సూ తెగిపోయింది. ఈ మూడింట్లో ఒక్కటి మరిచినా వాక్యం అటూ ఇటూ కాకుండా పోతుంది. ‘దాట్సూగేబెన్‌ జీ’ అనడం మన విద్యార్థుల్లో చాలా మామూలు తప్పు.

జర్మన్‌ వంటపుస్తకం మొదటినుంచీ ఇలా ముఖం చాటేసి మాట్లాడలేదు. జర్మన్‌లో దొరికిన అతి పాత వంటపుస్తకాల్లో ఒకటి 1350 ప్రాంతాన వ్యుర్జ్‌బుర్గ్‌లో రాసిన చేతిరాత ప్రతిలో ఉంది. అందులో చాలాచోట్ల వంట తెలిసినవాడు ఎదురుగా ఉన్న ఒకరితో ‘నువ్వు’ అంటూ చెప్పినట్టే ఉంటుంది, తీసుకో, వేయి అని. అచ్చు పుస్తకాలు ఇంటింటికీ చేరిన 19వ శతాబ్దానికి వచ్చేసరికి ‘మన్‌ నేమె’ అనే మాట వంటకి గుర్తుగా స్థిరపడింది. హెన్‌రియెట్టె డావిడిస్‌ అనే రచయిత్రి 1845లో వేసిన వంటపుస్తకం తరాల తరబడి జర్మన్‌ ఇళ్లలో నిలిచింది, జనం ఈ మాటని ఆమె పేరుతోనే ముడిపెడతారు. ‘మన్‌’ అంటే ఎవరైనా ఒకరు. ‘నేమె’ అంటే తీసుకొందురు గాక. ఇందాక జైయెన్‌ జీలో కనిపించిన ‘గాక’ రూపం ఇదే. ఇప్పుడు ఎవరైనా మన్‌ నేమె అంటే సరదాకో, పాతకాలపు రుచి కోసమో అన్నట్టే. 20వ శతాబ్దంలో దాని స్థానాన్ని నిఘంటు రూపం ఆక్రమించింది. పొట్టిగా ఉంటుంది, ప్యాకెట్‌ వెనక ఇరుకు చోటులో పడుతుంది.

మందుసీసా మీద ‘ఫోర్‌ గెబ్రౌఖ్‌ ష్యుట్టెల్న్‌’ (వాడే ముందు కుదపాలి) అని చదివి, అదే పద్ధతిలో మనుషులతో మాట్లాడవచ్చు కదా అనిపిస్తుంది. మూడు రూపాలు నేర్చే బాధ తప్పుతుంది. ఇక్కడే జాగ్రత్తపడాలి. నోటితో చెప్పినప్పుడు ఈ రూపానికి హద్దులున్నాయి. పొద్దున పిల్లల గది తలుపు తోసి తల్లి ‘ఔఫ్‌ష్టేయెన్‌!’ (లేవాలి!) అంటే ముద్దే. చివరి స్టేషన్‌లో రైల్వే మనిషి ‘బిట్టె అల్లె ఔస్‌ష్టైగెన్‌’ (అందరూ దిగాలి) అంటే మర్యాదే. ఎక్స్‌రే గదిలో ‘టీఫ్‌ ఐన్‌ఆట్మెన్‌, లుఫ్ట్‌ అన్‌హాల్టెన్‌’ (గట్టిగా ఊపిరి పీల్చాలి, బిగబట్టాలి) అనడం రోజూ జరిగేదే, అక్కడ అందరికీ అదే మంత్రం. కానీ ఎదురుగా ఉన్న పెద్దమనిషితో ‘ట్యూర్‌ ట్సూమాఖెన్‌!’ (తలుపు మూయాలి!) అంటే సైన్యంలో కేకేసినట్టుంటుంది. దీనికి ఇంకో చేదు కోణం కూడా ఉంది. భాష రాదనుకున్న పరాయి దేశం వాళ్లతో కొందరు జర్మన్లు ఇలా మొండి క్రియలతోనే మాట్లాడేవారు, ఇప్పటికీ అక్కడక్కడా మాట్లాడతారు. కూలిపనికి వచ్చినవాళ్లు ఆ అవమానాన్ని గుర్తుపట్టారు, భాషావేత్తలూ దాన్ని నమోదు చేశారు. మనం అలా మాట్లాడితే ఆ పాత గోడ మళ్లీ కట్టినట్టవుతుంది.

తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ నర్సులుగా వెళుతున్నవారికి ఇది రోజూ ఎదురయ్యేదే. ఎనభయ్యేళ్ల రోగి చేతకాని పసివాడిలా మంచం మీద ఉన్నా ఆయన ‘జీ’యే. ‘మాఖెన్‌ జీ బిట్టె డేన్‌ ముంట్‌ ఔఫ్‌’, దయచేసి నోరు తెరవండి. పక్క మంచం మీద ఆరేళ్ల పిల్లకి ‘మాఖ్‌ మాల్‌ డేన్‌ ముంట్‌ ఔఫ్‌’. ఆ ‘మాల్‌’ మన ‘ఒకసారి’ లాంటిది. ‘ఒకసారి ఇటు రండి’ అన్నప్పుడు లెక్క చెప్పం కదా, ఆజ్ఞని మెత్తబరుస్తాం. బిట్టె, మాల్‌ లేకుండా విసిరిన జర్మన్‌ ఆజ్ఞ రూపం సరిగ్గా ఉన్నా గరుకుగానే తగులుతుంది. మరీ మర్యాద కావాలంటే ఆజ్ఞ మానేసి ‘క్యోంటెన్‌ జీ’ (చేయగలరా) అని అడగడమే మేలు.

గ్యోతె సంస్థ పెట్టే ఏ1 పరీక్షలో ఈ రెండు లోకాలూ ఉన్నాయి. చదివే భాగంలో బోర్డులు, నోటీసులు ఇచ్చి కింది వాక్యం ఒప్పా తప్పా అంటారు. అక్కడ నిఘంటు రూపాన్ని గుర్తుపడితే చాలు. మాట్లాడే భాగం చివర్లో బొమ్మ ఉన్న కార్డు ఒకటి తీసి, దాని గురించి తోటి అభ్యర్థిని ఏదైనా అడగాలి, వాళ్లు బదులివ్వాలి. అక్కడ ‘ఫెన్‌స్టర్‌ ఔఫ్‌మాఖెన్‌’ అని బోర్డు భాష వాడితే కిటికీ బొమ్మని చదివినట్టుంటుంది తప్ప అడిగినట్టుండదు. పక్కనున్న మనిషి డూనా, జీనా అన్నది కార్డు తీయకముందే తేల్చుకోండి, చివరిదాకా మార్చకండి. ‘మాఖెన్‌ జీ బిట్టె దాస్‌ ఫెన్‌స్టర్‌ ఔఫ్‌’ అని మొదలుపెట్టి తర్వాతి వాక్యంలో ‘గిప్‌’ అనకండి. సాధన కావాలంటే ఏదైనా జర్మన్‌ సూప్‌ ప్యాకెట్‌ వెనక ఉన్న నాలుగు వాక్యాలు తీసుకుని, ఒకసారి స్నేహితురాలికి, ఒకసారి ఇద్దరు స్నేహితులకి, ఒకసారి ఇంటి యజమానికి చెబుతున్నట్టు పైకి అనండి. విడిపోయే క్రియ దగ్గర నాలుక ఎక్కడ ఆగుతుందో అక్కడే ఇంకాస్త కూర్చోండి.